ఎంతకి ఎంత

సంతలో అడుగుపెట్టాక మొదటి అరగంటా మా మామ్మ సంచీ విప్పేది కాదు. చంకలో మడిచి పెట్టుకున్న గోనెసంచీ చంకలోనే, బొడ్లో దోపుకున్న డబ్బుల మూట బొడ్లోనే. అక్కనీ, నన్నూ, మా చిన్నాన్న కొడుకునీ వెంటేసుకుని ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒక చుట్టు తిరిగేది. అమ్మేవాళ్లు పిలుస్తుంటే నవ్వేది, పలకరించేది, "వస్తా, వస్తా" అనేది. కొనేది కాదు. మాకేమో ఆ మొదటి అరగంటే ప్రాణం మీదికి వచ్చేది. జీళ్లవాడు సంత మొదట్లోనే కూర్చునేవాడు మరి.

అది అనకాపల్లికి పడమట, కొండల కిందనున్న ఒక పెద్ద ఊరు. మంగళవారం సంత. కొండమీది వాళ్లు కావిళ్లతో చింతపండూ పసుపూ కుంకుడుకాయలూ దింపుకొచ్చేవారు. కింది ఊళ్ల వాళ్లు బెల్లం, ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, కుండలు పట్టుకొచ్చేవారు. ఏలూరు పక్కన శనివారపుపేట, కర్నూల్లో బుధవారపేట అని పేర్లు వింటే, అక్కడా ఒకప్పుడు మా మామ్మలాంటి వాళ్లు సంచీ విప్పకుండా చుట్టు తిరిగే ఉంటారనిపిస్తుంది నాకు. నేను చెప్పే సంత 1981 నాటిది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఏడు వేసవి సెలవుల్లో మామ్మ మాకు ఒక పని పెట్టింది. ముగ్గురం మూడు దిక్కులకి వెళ్లి, ఒకే సరుకు ముగ్గురి దగ్గర ఎంతో కనుక్కుని రావాలి. కొనకూడదు, బేరమాడకూడదు, సరుకు చేత్తో కెలకకూడదు. నాకు వంకాయలు వచ్చాయి. పరుగెత్తుకుంటూ వెళ్లి వచ్చి గొప్పగా చెప్పాను.

"ముగ్గురూ రూపాయే అంటున్నారు మామ్మా. ఎక్కడ కొన్నా ఒకటే."

"రూపాయికి ఎన్ని?"

"పోగు రూపాయి."

"ఏ పోగు రా? నీ పోగా, నా పోగా?"

మళ్లీ వెళ్లాను. ఒకడి పోగులో తొమ్మిది కాయలు, చిన్నవి. ఒకామె పోగులో ఏడు, లేతవి. మూడోవాడి పోగులో పదకొండు, అందులో మూడు పుచ్చులు పైకే కనిపిస్తున్నాయి, కిందివాటి సంగతి దేవుడికే తెలియాలి. "ఎంత అని అడగొద్దు. ఎంతకి ఎంత అని అడుగు" అంది మామ్మ. ఆ మాట ఆ సెలవులన్నీ మా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. మా చిన్నాన్న కొడుకైతే బడి తెరిచాక మాస్టారు "నీకు లెక్కల్లో ఎంత?" అని అడిగితే "ఎంతకి ఎంతండీ?" అని మొట్టికాయ తిన్నాడు.

వంకాయలు కళ్లకి కనిపిస్తాయి, లెక్కపెడితే లెక్కకొస్తాయి. అసలు కష్టం బెల్లం దగ్గర వచ్చింది. అనకాపల్లి చుట్టుపక్కల పెరిగినవాళ్లకి బెల్లం గురించి చెప్పనక్కర్లేదు. దిమ్మల్ని గోనెపట్టా మీద పేర్చి, అడిగినంత కత్తితో కొట్టి ఇస్తారు. అక్క ఇద్దరి దగ్గర ధర కనుక్కొచ్చింది. ఒకడు కిలో నాలుగున్నర అన్నాడు. రెండోవాడు ముసలాయన, వీశె ఆరు రూపాయలన్నాడు.

ప్రభుత్వం వీశెల్ని తీసేసి కిలోలు తెచ్చి అప్పటికి ఇరవయ్యేళ్లు దాటింది. 1957లో అణాలు పోయి నయాపైసలొచ్చాయి. ఆ తరువాత వరసగా కిలోలూ లీటర్లూ వచ్చి, 1962 నాటికి పాత తూకాలతో అమ్మడం చట్టం ఒప్పుకోని పనైంది. కానీ సంతలో ముసలివాళ్లు వీశెల్లోనే అమ్మారు, ముసలివాళ్లు వీశెల్లోనే కొన్నారు. మా మామ్మ నోట్లో డెబ్బయ్యయిదు పైసలు చివరిదాకా ముప్పావలాగానే ఉండిపోయింది. రెండు భాషలు తెలిసినవాళ్లలాగా ఆమె రెండు తూకాల్లో ఆలోచించేది, ఎటు కావాలంటే అటు.

అక్క వేళ్లు లెక్కపెట్టుకుంటోంది. వీశె అంటే కిలో నాలుగు వందల గ్రాములని బళ్లో చెప్పారు. ఆరుని ఒకటీ పాయింట్ నాలుగుతో భాగించాలి. చేతిలో పలకా లేదు, బలపమూ లేదు.

"అంత భాగాహారం ఎందుకే? వీశెకి ఎన్ని సవాశేర్లు?"

"నాలుగు."

"ఆరు రూపాయల్ని నాలుగు చెయ్యి."

"రూపాయిన్నర."

"సవాశేరంటే మీ లెక్కలో మూడువందల యాభై గ్రాములు. మూడు సవాశేర్లకి?"

మూడు సవాశేర్లకి నాలుగున్నర రూపాయలు, వెయ్యిన్నీ యాభై గ్రాములు. అవతలివాడు అదే నాలుగున్నరకి వెయ్యి ఇస్తున్నాడు. అంటే ముసలాయన దగ్గర యాభై గ్రాములు ఎక్కువ వస్తుంది. అక్క మొహం వెలిగిపోయింది. నాకూ ఇప్పటికీ ఆ లెక్క మహా ముచ్చటేస్తుంది. మామ్మ పెద్ద భాగాహారాన్ని తప్పించుకుని, రెండు తూకాలూ దాదాపు కలిసే చోటు వెతుక్కుని, మిగిలిన ఆ కాస్త తేడానీ కళ్లముందు పెట్టింది. ఆమె మూడో తరగతి దాకానే చదువుకుంది.

అయితే మామ్మ అక్కడితో ఆగలేదు. కిలోవాడి దగ్గరున్న గుండ్ల మీద ప్రభుత్వం వాళ్ల ముద్ర ఉంది. ముసలాయన గుండు మీద ఏ ముద్రా లేదు. ఉండేందుకు వీల్లేదు కూడా, చెల్లని తూకానికి ముద్ర ఎవరు వేస్తారు? ఆ ఇనుప గుండు ఎన్నేళ్లు అరిగిందో, ఎక్కడ పెచ్చు లేచిందో తెలియదు. అందుకని మామ్మ ముందు సవాశేరే కొంది. రూపాయిన్నర ఇచ్చి, తామరాకు పొట్లాం పట్టుకుని, నాలుగు కొట్ల అవతల మిరియాలూ జీలకర్రా అమ్మే దినుసులవాడి దగ్గరికి తీసుకెళ్లింది. దినుసులవాడే ఎందుకంటే, కొంచెం కొంచెం అమ్మేవాడు కాబట్టి చిన్న గుండ్లు వాడి దగ్గరే ఉంటాయి. వాడి దగ్గర అరపావు జీలకర్ర కొని, "నాయనా, ఇది కాస్త తూచి పెట్టు" అంది. వాడు రెండువందలు, వంద, రెండు ఇరవైలు వేశాడు. ముల్లు నిలబడింది. మామ్మ తక్కెడ పళ్లేలు మార్చి మళ్లీ తూచమంది. గుండ్లున్న పళ్లెంలో బెల్లం, బెల్లం ఉన్న పళ్లెంలో గుండ్లు. కాడ ఒక పక్కకి మొగ్గే తక్కెడైతే అప్పుడు బయటపడుతుంది. అది నికార్సయిన తక్కెడే. మూడువందల నలభై.

సవాశేరుకి పది గ్రాములు తరుగు. ముసలాయన మోసం చేశాడని మామ్మ అనలేదు. గుండు అరిగిందంతే అంది. ఆ లెక్కన మూడు సవాశేర్లకి వెయ్యిన్నీ ఇరవై గ్రాములు. యాభై అనుకున్న లాభం ఇరవైకి దిగింది. కాఫీలోకి గిల్లుకునే ముక్కంత. ఇంత తిరిగి, ఇంత తూచి, చివరికి తేలిందేమంటే రెండు ధరలూ ఒకటే.

"ధర తేలకపోతే నాలిక తేలుస్తుంది" అని ఇద్దరి దగ్గరా చిన్న ముక్క అడిగి మా నోట్లో పెట్టింది. కిలోవాడి బెల్లం పచ్చగా, బంగారంలా మెరుస్తోంది. నమిలితే చివర్న కాస్త ఉప్పగా తగిలింది. ముసలాయన బెల్లం ముదురు రంగు, చెరుకు వాసన. బెల్లం అంత పచ్చగా మెరవాలంటే పాకంలో హైడ్రోసు పొడి వేస్తారని, రంగుకి మోసపోవద్దని ఆవేళే మొదటిసారి విన్నాం. ముసలాయన దగ్గర రెండు వీశెలు కొంది. డబ్బులిస్తూ, "తాతా, నీ గుండు కాస్త సన్నబడ్డాదిరో" అంది. ఆయన నవ్వి, కత్తితో ఒక పెచ్చు కొట్టి పొట్లాంలో వేశాడు. ఆ కొసరుతో తరుగంతా తీరిపోయిందని అక్క తరువాత లెక్కేసి చెప్పింది.

ఇప్పుడు కొట్లో పొట్లాల మీద ధర పక్కనే గ్రాముకి ఇంత అని అచ్చు వేయాలన్న నిబంధన వచ్చింది. ఒక బిస్కట్ పొట్లాం నూటడెబ్బయ్యయిదు గ్రాములు, పక్కది రెండువందల పది. ఆ చిన్న అక్షరాలు కనబడితే చాలు, భాగాహారం అక్కర్లేదు. మంచి పనే. కళ్లజోడు పైకెత్తి చదువుతుంటాను. కానీ అది మామ్మ లెక్కలో మొదటి మెట్టు మాత్రమే. ఆ గ్రాములో ఏముందో గ్రాము ధర చెప్పదు.

ఆ సంగతి నేను మిరపకాయల దగ్గర నేర్చుకున్నాను, అదీ దెబ్బతిని. మరో మంగళవారం ఎండుమిరపకాయలు కొనే పని నాకు అప్పజెప్పింది. అందరూ కిలో పది అంటుంటే ఒకడు తొమ్మిదికి ఇచ్చాడు. కిలో కొనేశాను. మామ్మ గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించింది. బాగా ఎండిన కాయయితే లోపల గింజలు గలగలమంటాయి. నావి మాట్లాడలేదు. తొడిమ వంచితే విరగలేదు, వంగింది. ఏమీ అనకుండా ఇంటికి తెచ్చి, రెండు రోజులు డాబా మీద ఎండబోయించి, మళ్లీ తూయించింది. ఎనిమిదివందల అరవై గ్రాములు. నూటనలభై గ్రాముల నీళ్లు కొన్నానన్నమాట. ఎండినదాని లెక్కన కిలో దాదాపు పదిన్నర పడింది. అందులో రంగు వెలిసిన తాలు కాయలు ఏరేస్తే ఇంకా ఎక్కువ. నన్ను తిట్టలేదు. ఆ వారం పచ్చడి నూరినప్పుడల్లా మాత్రం "మా మనవడి మిరపకాయలు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. తిట్టినా బాగుండేది.

మామ్మ మీద నాకు ఒక్క విషయంలో కినుక ఉండేది. ఆకుకూరలు ఆమె పొద్దున కొనేది కాదు. పొద్దు వాలి, కొండమీది వాళ్లు తిరుగు ప్రయాణానికి సర్దుకునే వేళ కొనేది. పొద్దున పావలాకి రెండు కట్టలు, సాయంత్రం ఆరు. వాళ్లు మోసుకుపోలేరని తెలిసి అడగడం నాకు నచ్చేది కాదు. అక్క ఒకసారి అడిగేసింది కూడా, "పాపం కదా మామ్మా" అని. "నేను కొనకపోతే ఆవులు తింటాయి. అప్పుడు వాళ్లకి ఆ పావలా కూడా రాదు" అంది. అందులో అబద్ధం లేదు. అయినా నాకు ఇప్పటికీ పూర్తిగా మనసొప్పదు. ఇంకో సంగతీ చెప్పాలి. ఆ ఆరు కట్టల్లో వడిలినవి ఏరేస్తే మూడే మిగిలేవి. పొద్దున ధరతో పోలిస్తే ఆమె అనుకున్నంత లాభమేమీ లేదు. మిరపకాయలకి వేసిన లెక్క తోటకూరకి ఎందుకు వేయలేదో! మనిషన్నాక తన లెక్కలో తను చూడని మూల ఒకటి ఉంటుంది కాబోలు.

చింతపండు సంగతి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి కొండమీది నుంచి కొత్త చింతపండు దిగుతుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొని, ఉప్పు వేసి జాడీల్లో తొక్కి పెట్టుకోవడం మా వైపు అలవాటు. సంతలో రెండు రకాలుండేవి. పెంకు మాత్రం తీసి పిక్కతో అమ్మేది, కిలో మూడు రూపాయలు. పిక్క కూడా తీసినది, అయిదున్నర. మామ్మ తన జన్మలో పిక్క తీసినది కొనలేదు. పిక్కతో కొని, ఎండబెట్టి, చేతులకి నూనె రాసుకుని, చెక్కసుత్తితో కొట్టి పిక్క ఊడదీయడం మా ఇంట్లో ఏటా జరిగే తంతు. అమ్మ, పిన్ని, మామ్మ, ఒకోసారి పక్కింటావిడ కలిపి నలుగురు, మూడు మధ్యాహ్నాలు కొట్టేవారు. అయిదున్నరకీ మూడుకీ మధ్య ఉన్న తేడా అంతా మిగులేనని అందరూ అనుకునేవారు.

ఎంతకి ఎంత అన్న మాట అక్కకి బాగా పట్టేసినట్టుంది. మరుసటేడు 1982లో, సంత నుంచి బస్తా దిగగానే అందులోంచి కచ్చితంగా కిలో తూయించి, పిక్క తీయించి, వేటికవి మళ్లీ తూయించింది. పండు అయిదువందల ఎనభై గ్రాములు. పిక్కలు మూడువందల నలభై. నార, దుమ్ము, పెంకుముక్కలు కలిపి ఎనభై. చింతపండు కొంటున్నామనుకున్నదాంట్లో మూడోవంతు పిక్కలే.

మూడు రూపాయలకి వచ్చింది అయిదువందల ఎనభై గ్రాముల పండు. అంటే కిలో పండు అయిదు రూపాయల పదిహేడు పైసలు పడుతోంది. వలిచినది అయిదున్నర. రెండున్నర రూపాయలనుకున్న తేడా కిలోకి ముప్పైమూడు పైసలకి వచ్చి ఆగింది. మాకు ఏడాదికి పది కిలోల పండు కావాలి. అందుకు పిక్కతో ఉన్నది పదిహేడుంపావు కిలోలు కొనాలి. యాభై ఒక్క రూపాయల ముప్పావలా. వలిచినదైతే యాభై అయిదు. ఏడాది మొత్తానికి మిగిలేది మూడుంపావు రూపాయలు.

"పిక్కలకి డబ్బులొస్తాయి కదే" అంది మామ్మ. నిజమే. పిక్కలు కొనేవాడు వీధిలోకి వచ్చేవాడు, నూలుకి గంజి పెట్టే పిండి కోసమని కిలో పావలాకి పట్టుకుపోయేవాడు. ఆరు కిలోల పిక్కలకి రూపాయిన్నర. అక్క దాన్నీ కలిపింది. మొత్తం నాలుగు రూపాయల ముప్పావలా.

"నలుగురు మూడు మధ్యాహ్నాలు" అంది అక్క. "పన్నెండు పూటలు. అంటే ఆరు రోజుల పని. కలుపుకెళ్తే రోజుకి నాలుగు రూపాయలిస్తారు."

వంటింట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ తలవంచుకుని నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ముప్పయ్యేళ్లుగా కొట్టిన చింతపండంతా మామ్మ కళ్లముందు తిరిగి ఉంటుంది. ఆరు రోజుల పనికి నాలుగు రూపాయల ముప్పావలా. సుత్తి పక్కన పెట్టి కాసేపు కూర్చుంది. తరువాత ఆఖరి బాణం ఒకటి వేసింది. "వలిచినదాంట్లో పాతది కలుపుతారు. బరువుకి ఉప్పు తొక్కుతారు. పిక్కతో ఉన్నదాంట్లో ఏం కలుపుతారు?" ఇది కొట్టిపారేసే మాట కాదు. కాయగా ఉన్నప్పుడు పండు తన వయసు తనే చెబుతుంది. ముద్దగా తొక్కాక చెప్పదు. అక్క దగ్గర దానికి జవాబు లేదు. ఆ ఏటికి బస్తా ఎలాగూ ఇంట్లోనే ఉంది, కొట్టక తప్పలేదు.

ఆ పైఏడు ఫాల్గుణంలో సంతకి వెళ్లాం. ఎప్పటిలాగే ముందు ఒక చుట్టు. తరువాత మామ్మ పిక్కచింతపండు కావిళ్లని దాటుకుని, వలిచిన చింతపండు బుట్టల ముందు కూర్చుంది. పైపైన ఉన్నది వదిలేసి, బుట్ట అడుగు నుంచి ఒక ముద్ద తీసి విప్పింది. లోపల రంగు చూసింది. కొత్తది ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. చిన్న రెబ్బ నోట్లో వేసుకుంది, పులుపుకి ముందు ఉప్పు తగులుతుందేమోనని. ముద్దంతా పరిచి, తీయకుండా వదిలేసిన పిక్కలు లెక్కపెట్టమని నాకు ఇచ్చింది. మొదటి బుట్టలో ఆ ముద్దకి తొమ్మిది పిక్కలు. రెండో బుట్ట ఉప్పగా ఉంది. మూడో బుట్టలో రెండే. మూడో బుట్టావిడ అయిదుముప్పావలా చెప్పింది, అందరికంటే పావలా ఎక్కువ. మామ్మ అయిదున్నర అడిగింది. ఆవిడ సరేనంది. అడిగిన ధరకి అవతలివాళ్లు ఒప్పుకున్నాక కొనకుండా లేవడం మామ్మ దృష్టిలో మహాపాపం. పది కిలోలు తూయించింది, పళ్లేలు మార్చి. అక్క వైపు చూడనైనా చూడలేదు.

ఆ ఏడు మా ఇంట్లో సుత్తి చప్పుడు వినపడలేదు. అమ్మా పిన్నీ మూడు మధ్యాహ్నాలు నిద్రపోయారు. వేసవి సెలవులు వచ్చాక అష్టాచెమ్మా గడి గీసి కూర్చుంటే ఆడటానికి ఒక్క చింతపిక్క లేదు. పక్కింటికి వెళ్లి అడిగాను. ఒకవైపు తెల్లగా అరగదీసిన పిక్కలు నాలుగు, ఊరికే ఇచ్చారు.